అరకు లోయలో దేవగన్నేరు కొమ్మలు: ఎందుకు కుళ్ళుతాయి, ఎందుకు చిగురించవు

దేవగన్నేరును కొమ్మతో పెంచడం చాలా సులభమనే అభిప్రాయం మైదాన ప్రాంతాల్లో బలంగా ఉంది. విశాఖపట్నం, కాకినాడ వంటి తీర పట్టణాల విషయంలో అది చాలావరకు నిజమే. ఒక కొమ్మను కోసి, వారం పది రోజులు నీడలో పడవేసి, తరువాత నేలలో గుచ్చితే రెండు నెలల్లో ఆకులు వేస్తుంది. అదే కొమ్మను అదే విధంగా అరకు లోయలోనో, పాడేరు, చింతపల్లి పరిసరాల్లోనో నాటితే ఫలితం తరచుగా వేరుగా ఉంటుంది. కొన్ని కొమ్మలు మొదలు మెత్తబడి నల్లగా మారి పడిపోతాయి. మరికొన్ని పచ్చగానే ఉండి, నెలలు గడిచినా ఒక్క ఆకైనా వేయవు. ఈ రెండింటికీ కారణం కొమ్మ నాసిరకం కావడమని నర్సరీదారులు సాధారణంగా భావిస్తారు. నిజానికి లోపం కొమ్మలో కన్న కాలనిర్ణయంలో ఎక్కువగా ఉంటుంది. "పది రోజులు ఆరబెట్టాలి" అనే సూత్రం తీరప్రాంతపు వెచ్చదనంలో పుట్టింది; దానిని సముద్రమట్టానికి సుమారు తొమ్మిది వందల మీటర్ల పైనున్న లోయకు యథాతథంగా తీసుకుపోవడం వల్లనే ఈ చిక్కు వస్తున్నది.

మొదట ఈ మొక్క స్వభావం తెలుసుకోవాలి. దేవగన్నేరు మన గన్నేరు, బిళ్ళగన్నేరులతో పాటు ఒకే కుటుంబానికి చెందినది; కానీ మన దేశానికి స్థానికం కాదు. మెక్సికో, మధ్య అమెరికా, కరీబియన్ దీవుల ప్రాంతాల నుండి వచ్చింది. ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడు ప్లూమియే పేరు మీద దీనికి ప్లుమేరియా అనే శాస్త్రీయ నామం ఏర్పడింది. గుడి ఆవరణల్లో తరతరాలుగా కనిపించడం వల్ల మనది కాదంటే నమ్మడం కష్టం. దాని సహజ ఆవాసంలో నెలల తరబడి వానలు లేని కాలం ఉంటుంది. ఆ కాలంలో ఆకులు రాల్చి, లావుపాటి కండగల కాండంలో దాచుకున్న నీటితో, ఆహారంతో బ్రతుకుతుంది. కోసిన కొమ్మ వారాల తరబడి ఎండిపోకుండా ఉండడానికి కారణం ఈ నిల్వే. అయితే కొమ్మను బ్రతికించే ఆ నీటి నిల్వే దాని బలహీనత కూడా. కాండం మధ్యలో విశాలమైన మెత్తని దవ్వ ఉంటుంది. గాయం తెరిచి ఉండగా తడి మట్టి తగిలితే, కుళ్ళు కలిగించే సూక్ష్మజీవులకు ఆ దవ్వ నేరుగా తెరచిన ద్వారం వంటిది.

కాలస్ అని మనం వ్యవహరించే గాయం మానుపు పొర ఈ ద్వారాన్ని మూసివేస్తుంది. అది ఏర్పడే క్రమాన్ని కొంత వివరంగా చెప్పవలసి ఉంది, ఎందుకంటే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే జరుగుతాయి. కొమ్మ కోయగానే తెల్లని పాలు కారి, కొన్ని గంటల్లో గడ్డకట్టి ఎండిపోతాయి. చూడడానికి గాయం మూసుకున్నట్లే ఉంటుంది. ఇది కాలస్ కాదు. తడి తగిలితే ఈ పొర పట్టు విడుస్తుంది, పగుళ్ళ గుండా నీరు లోనికి పోతుంది. అసలు పని దీని అడుగున జరుగుతుంది. కోసిన ముఖానికి సమీపంలోని సజీవ కణాలు తమ గోడలలో నీటిని చొరనీయని బెండు పదార్థాన్ని నింపుకొంటాయి. వాటి క్రింద విభజన చెందే కొత్త కణాల వరుస ఏర్పడి, బయటివైపు బెండు పొరలను పేరుస్తుంది. ఇది కేవలం ఆరడం కాదు, జీవక్రియ. జీవక్రియ కనుక దానికి వెచ్చదనం కావాలి. ఎండలో పెట్టి ముఖాన్ని ఎండగొడితే పై కణాలు చచ్చి గట్టిపడతాయే గాని, బెండు పొర ఏర్పడదు. చలిలో పెట్టినా అంతే. ముఖం పొడిగా కనిపిస్తుంది, లోపల పని సాగదు.

ఇక్కడ ఒక స్థూలమైన లెక్క ఉపకరిస్తుంది. ఉష్ణోగ్రత పది డిగ్రీలు తగ్గితే జీవక్రియల వేగం దాదాపు సగానికి పడిపోతుందని వృక్షశరీరధర్మశాస్త్రంలో ఒక స్థూల సూత్రం ఉంది. సగటున 28 డిగ్రీల వద్ద పది రోజుల్లో మానే గాయానికి 18 డిగ్రీల వద్ద ఇరవై రోజులు పడుతుందన్నమాట. ఎత్తు పెరిగే కొద్దీ, వెయ్యి మీటర్లకు సుమారు ఆరు డిగ్రీల చొప్పున గాలి చల్లబడుతుంది. అంటే అరకు లోయ విశాఖ తీరం కన్న సహజంగానే ఐదారు డిగ్రీలు చల్లన. చలికాలపు రాత్రులలో తేడా ఇంకా ఎక్కువ. కొండల మీది చల్లని గాలి బరువెక్కి లోయ అడుగుకు జారి నిలుస్తుంది. అందువల్ల డిసెంబరు, జనవరి నెలల్లో ఇక్కడ రాత్రి ఉష్ణోగ్రత తరచుగా పది డిగ్రీల లోపునకు దిగుతుంది. చింతపల్లి సమీపంలోని లంబసింగి ఇందుకు ప్రసిద్ధి చెందినది. అంత చలిలో గాయం మానడం దాదాపు నిలిచిపోతుంది. రోజులు లెక్కించడం వల్ల అప్పుడు ప్రయోజనం లేదు.

కాబట్టి క్యాలెండరును గాక కొమ్మ ముఖాన్నే చూడాలి. సరిగా మానిన ముఖం బూడిద కలిసిన గోధుమ రంగులో ఉంటుంది. బొటనవ్రేలి గోటితో గట్టిగా నొక్కినా గుంట పడదు, తడి అంటదు. బెరడుకు, కర్రకు మధ్యనున్న వలయం కొద్దిగా ఉబికి, నడుమనున్న దవ్వ భాగం కొద్దిగా లోనికి క్రుంగి గట్టిగా ఉంటుంది. దవ్వ మెత్తగా ఉన్నా, నొక్కినప్పుడు లేత గోధుమరంగు తడి కనబడినా ఆ కొమ్మ సిద్ధం కాలేదు. ఆరబెట్టే కాలంలో కొమ్మ పైతోలు కొద్దిగా ముడతలు పడటం సహజం. దానికి భయపడి నీళ్ళు చల్లరాదు.

మానిన ముఖం ఉన్న కొమ్మను నాటే ముందు క్రింది చివర మళ్ళీ కోసే అలవాటు కొందరిలో ఉంది. గులాబీ కొమ్మల విషయంలో తాజా కోత అవసరం. దేవగన్నేరు విషయంలో అది రెండు మూడు వారాల పనిని ఒక్క వ్రేటుతో పాడుచేయడమే. వేర్లు పుట్టేది కోసిన ముఖపు నడుమనున్న దవ్వ నుండి కాదు. బెరడుకు, కర్రకు మధ్యనున్న విభాజ్య కణజాలపు వలయం దగ్గర నుండి. అందువల్ల నడుమ భాగం మూసుకుని గట్టిపడి ఉండటం వేర్లకు ఏ విధంగానూ అడ్డు కాదు.

ఇప్పుడు ఒక ఉదాహరణను మొదటి నుండి చివరి వరకు పరిశీలిద్దాము. కొండ ప్రాంతపు ప్రాంగణాలలో పలుమార్లు గమనించిన క్రమాన్నే ఇక్కడ ఒకే కథగా చెబుతున్నాను. అక్టోబరులో తుపాను గాలికి తీరంలో దేవగన్నేరు కొమ్మలు విరుగుతాయి. 2014 అక్టోబరు 12న విశాఖను తాకిన హుద్‌హుద్ తరువాత నగరమంతటా చెట్లు నేలకూలిన దృశ్యం చాలామందికి గుర్తుండే ఉంటుంది. అటువంటి సమయంలో ఎవరో ఇరవై కొమ్మలు ఏరి, లోయలోని ఒక పాఠశాల ఆవరణలో నాటేందుకు తెచ్చారనుకొందాము. కొమ్మలు విరిగినవి కనుక ముఖం నున్నగా లేదు, చీలికలున్నాయి. వానలో తడిసి కూడా ఉన్నాయి. పది రోజులు వరండాలో ఉంచి, ఎర్రమట్టి, పశువుల ఎరువు సమపాళ్ళలో కలిపిన కుండీల్లో జానెడు లోతున నాటారు. రోజు విడిచి రోజు నీరు పోశారు.

అప్పటికి నవంబరు మొదలవుతుంది. మొదటి మూడు వారాల్లో పైకి ఏ మార్పూ కనిపించదు. కొమ్మలు పచ్చగానే ఉంటాయి. నాలుగో వారంలో కొన్నింటికి మట్టి అంచు దగ్గర తోలు ముడతపడి నల్లబారుతుంది. వేలితో నొక్కితే లోనికి పోతుంది. పెరికి నిలువుగా చీల్చి చూస్తే, బెరడు ఇంకా కొంత పచ్చగా ఉన్నా దవ్వ మాత్రం అడుగు నుండి పైకి గోధుమరంగు తిరిగి, పులిసిన వాసన వేస్తూ ఉంటుంది. కుళ్ళు ఎక్కడ మొదలైనదో ఈ చీలిక స్పష్టంగా చెబుతుంది. బయటి నుండి లోపలికి కాదు, మానని ముఖపు నడుమ నుండి పైకి.

ఈ నష్టానికి మూడు కారణాలు కలిశాయి. మొదటిది, చీలిన ముఖం, చల్లని వరండా వల్ల కాలస్ పూర్తికాలేదు. రెండవది, నీరు. ఆకులు లేని, వేర్లు లేని కొమ్మ దాదాపు నీరు తీసుకోదు. కుండీలో పోసిన నీరు మట్టి ఉపరితలం నుండి ఆవిరి కావలసిందే గాని మరో మార్గం లేదు. నవంబరు పొగమంచులో ఆ ఆవిరి కూడా నెమ్మది. కనుక రోజు విడిచి రోజు పోసిన ప్రతి చెంబు నీరు ముందటి నీటి మీద చేరుతుంది. మూడవది, పశువుల ఎరువు. అది నీటిని పట్టి ఉంచుతుంది. పూర్తిగా చివకనిదైతే కుళ్ళు జీవులకు ఆహారం కూడా అవుతుంది. వేర్లు లేని కొమ్మకు దాని వల్ల కలిగే పోషణ ఏమీ లేదు.

కుళ్ళు కనబడగానే చాలామంది కార్బెండజిమ్ ద్రావణం పోస్తారు. ఇక్కడ ఒక విషయం స్పష్టం చేయవలసి ఉంది. చల్లని తడి మట్టిలో మొదలయ్యే కుళ్ళుకు తరచుగా కారణం పిథియం, ఫైటోఫ్తోరా వంటి నీటి బూజులు. ఇవి నిజమైన శిలీంద్రాలు కావు. నీటిలో ఈదగల బీజాల ద్వారా గాయాన్ని చేరుతాయి. కార్బెండజిమ్ వీటిపై పనిచేయదు. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు కొంత అడ్డుకుంటుంది గాని, అప్పటికే మెత్తబడిన దవ్వను ఏ మందూ బాగుచేయలేదు. అలాంటి కొమ్మకు కత్తే మందు. శుభ్రమైన కత్తితో పైకి పైకి పలుచని బిళ్ళలుగా కోస్తూ పోవాలి. ముఖం అంతా తెల్లగా, ఎక్కడా గోధుమ చుక్క లేకుండా, అంచుల్లో పాలు కారే స్థాయి వచ్చేవరకు ఆపరాదు. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. జానెడు ఆరోగ్యమైన కొమ్మ మిగిలితే మళ్ళీ ఆరబెట్టి నాటవచ్చు. ఈ పాలు కంటికి, కొందరి చర్మానికి మంట కలిగిస్తాయి కనుక చేతి తొడుగులు ధరించడం మంచిది.

ఆ ఇరవై కొమ్మలలో కుళ్ళకుండా మిగిలినవాటి సంగతి వేరు. జనవరి దాటినా, ఫిబ్రవరి వచ్చినా అవి కట్టెల్లా నిలబడి ఉంటాయి. చచ్చాయని పారవేయడం చాలా చోట్ల జరుగుతుంది. పారవేసే ముందు కాండం మీద గోటితో చిన్న గీత గీయాలి. గీత అడుగున ఆకుపచ్చ కనిపించి తెల్లని పాలు చుక్క కడితే కొమ్మ బ్రతికే ఉంది. చెట్టు మీద ఉన్నా ఈ కాలంలో దానికి ఆకులు ఉండేవి కావు. ఎండాకాలపు నీటి కొరతకు ఆకులు రాల్చే స్వభావం గల ఈ మొక్క, మన కొండల చలికాలంలో చలికీ పొడికీ కలిపి నిద్రావస్థలోకి పోతుంది. ఆ నిద్ర లేపడానికి నీరు పోయడం నిష్ప్రయోజనమే గాక ప్రమాదకరం. మట్టి వేడెక్కే మార్చి వరకు దానిని పొడిగా వదిలివేయడమే సరియైన పని.

ఆకు వేయకపోవడానికి నిద్ర ఒక్కటే కారణం కాదు. కొమ్మ కొనలో పూగుత్తి ఉండి ఉంటే మరో చిక్కు. దేవగన్నేరు పూగుత్తి కొమ్మ చివరనే పుడుతుంది. పుట్టిన తరువాత ఆ కొన ఇక పెరగదు, దాని క్రింది పక్క మొగ్గలు చీలి కొత్త కొమ్మలు రావాలి. అందువల్ల పూసిన కొమ్మను నాటితే ముందు నిల్వ ఆహారం పూలకు ఖర్చవుతుంది, తరువాత పక్క మొగ్గలు మేల్కొనే వరకు వేచి ఉండవలసి వస్తుంది. కోసిన వెంటనే పూగుత్తిని, ఆకులన్నింటినీ తీసివేయడం ఇందుకే. ఇక కొన నల్లబడి కుంచించుకుపోయి ఉంటే చలి వల్లనో, కొన కుళ్ళు వల్లనో ఆ మొగ్గ చచ్చినట్లే. పచ్చని భాగం వరకు కత్తిరిస్తే క్రింది ఆకు మచ్చల వద్ద మొగ్గలు కదులుతాయి. లావైన కొమ్మలను ముక్కలుగా కోసినప్పుడు తలక్రిందులుగా నాటడం కూడా అరుదైన విషయం కాదు. ఆకు మచ్చ ఎప్పుడూ మొగ్గకు క్రింద ఉంటుందని గుర్తుంచుకుంటే ఆ పొరపాటు జరగదు. కోసేటప్పుడే క్రింది చివర సుద్దతో గీత పెట్టడం ఇంకా తేలిక.

వీటన్నింటి కన్న మోసపుచ్చేది ముందుగా ఆకు వేసే కొమ్మ. మార్చిలో వెచ్చబడగానే కొన దగ్గర రెండు మూడు చిన్న ఆకులు విప్పుకొంటాయి. కొమ్మ పట్టుకున్నదని సంతోషించి నీరు పెంచుతారు. ఆ ఆకులు అంగుళం రెండంగుళాల వద్ద ఆగిపోయి, వాడి రాలుతాయి. అవి వేర్ల నుండి వచ్చినవి కావు, కాండంలోని నిల్వతో వచ్చినవి. వేరు పట్టిందా లేదా తెలుసుకోవడానికి కొమ్మను కదిపి చూడరాదు. కదిపితే అప్పుడే పుట్టిన పెళుసైన వేళ్ళు తెగుతాయి. ఆకు పరిమాణమే నమ్మదగిన గుర్తు. ఒక ఆకు అరచేయి పొడవును మించి నిగనిగలాడుతూ పెరుగుతూ, దాని పైన మరో ఆకు విప్పుకొంటే వేర్లు పనిచేస్తున్నాయని చెప్పవచ్చు. నీరు పెంచవలసిన రోజు అది, అంతకు ముందు కాదు.

ఇక అరకు లోయకు తగిన కాలనిర్ణయం విషయానికి వస్తాను. ఇక్కడ రోజులను ముందుకు గాక వెనుకకు లెక్కించాలని నా అభిప్రాయం. ఉత్తర కోస్తాకు నైరుతి ఋతుపవనాలు సాధారణంగా జూన్ రెండవ వారానికి సమీపంలో చేరుతాయి. తరువాత వారాల తరబడి మబ్బు, ముసురు, తడి మట్టి. ఆ కాలానికి కొమ్మకు వేర్లు ఏర్పడి ఉండాలి. వెచ్చని మట్టిలో వేర్లు రావడానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పడుతుంది కనుక నాటడం ఏప్రిల్ మొదటి పక్షంలో పూర్తి కావాలి. అంతకు ముందు గాయం మానడానికి రెండు మూడు వారాలు కేటాయించాలి. అంటే కొమ్మలు కోయవలసినది మార్చి రెండు, మూడు వారాల్లో. చెట్టు అప్పటికింకా ఆకు వేయకుండా, వేయడానికి సిద్ధంగా, నిల్వ ఆహారంతో నిండి ఉంటుంది. కొమ్మకు ఇంతకన్న మంచి స్థితి మరొకటి లేదు.

కొమ్మ అడుగు నుండి అడుగున్నర పొడవు ఉండి, తోలు పచ్చదనం వీడి బూడిదరంగు తిరిగినదై ఉండాలి. పచ్చని లేత కొన చాలా త్వరగా కుళ్ళుతుంది. కోత నున్నగా, పదునైన కత్తితో ఒకే వ్రేటున పడాలి. విరిగినది తప్పనిసరిగా వాడవలసి వస్తే చీలిక దాటి మళ్ళీ కోయాలి. ఆరబెట్టడానికి ఎండ తగలని, గాలి ఆడే, రాత్రి చలి తగలని చోటు కావాలి. ఈ ప్రాంతపు ఇళ్ళలో మొక్కజొన్న విత్తన కంకులు పొయ్యికి పైన వేలాడదీసే చోటు చాలా అనువైనది. నేరుగా సెగ తగలకుండా కొంత పక్కకు జరిపితే, మార్చి రాత్రుల చలి నుండి అది కాపాడుతుంది. సిమెంటు నేల మీద పరచడం కన్న తాడుకు వేలాడదీయడమే మేలు.

మట్టి మిశ్రమంలో రెండు వంతులు ముతక ఇసుక, ఒక వంతు ఎర్రమట్టి చాలు. కొబ్బరి పొట్టు, పశువుల ఎరువు వేర్లు వచ్చే వరకు కలపరాదు. మూడు నాలుగు అంగుళాల లోతు నాటి, కొమ్మ కదలకుండా కర్రకు కట్టాలి. జానెడు లోతు నాటితే నిలకడగా ఉంటుందనేది నిజమే గాని, కుండీ అడుగున తడి ఎక్కువసేపు నిలిచే చోటనే గాయం ఉంటుంది. నాటిన రోజు ఒకసారి తడిపి, ఆపైన వ్రేలు రెండు కణుపుల వరకు దించినప్పుడు పొడి తగిలితేనే నీరు ఇవ్వాలి. ఏప్రిల్, మే నెలల సాయంత్రాలు ఉరుములతో పడే వానలు కాఫీ పూతకు మేలు చేస్తాయి గాని ఈ కుండీలకు కీడే. వాటిని చూరు క్రిందికి జరపాలి. కుండీలను లోయ అడుగున గాక వాలు మీద, మధ్యాహ్నం ఎండ తగిలే గోడ వారన పెడితే మట్టి వెచ్చగా ఉంటుంది.

ఈ విధానం ఎర్రని, పసుపు, గులాబీ పూల సాధారణ రకాలకు సరిపోతుంది. కొన గుండ్రంగా ఉండే ముదురాకుపచ్చ ఆకులతో, చలికాలంలోనూ ఆకులు పూర్తిగా రాల్చని తెల్లపూల ఒబ్‌ట్యూసా రకం వేరు పట్టడంలో మరింత నెమ్మది. దానిని లోయలో పెంచదలచినవారు మార్చి కోతకే పరిమితమై, మొదటి వానకాలమంతా కుండీలను పైకప్పు క్రింద ఉంచడం అవసరం. తుపాను తరువాత అక్టోబరులో దొరికిన కొమ్మలనైతే నాటడానికి ప్రయత్నించకపోవడమే మేలు. శుభ్రంగా మళ్ళీ కోసి, వెచ్చని పొడి చోట వేలాడదీసి, మార్చి వరకు అలాగే ఉంచవచ్చు. లావైన కొమ్మలు ముడతలు పడినా ఆ నాలుగైదు నెలలు తట్టుకోగలవు; సన్నని కొమ్మలు తట్టుకోలేవు. మార్చిలో గోటి గీత క్రింద ఆకుపచ్చ కనబడినవాటినే ఎంచి నాటాలి.